అమ్మింది వేరు, అడిగింది వేరు

మన దగ్గర సేల్స్ ఫోర్‌కాస్టింగ్ మీద మినీ ప్రాజెక్ట్ అంటే ఒకటే వరస. షాపు నుంచి నెలవారీ అమ్మకాలు తెచ్చి ఎక్సెల్‌లో వేస్తాం, మూవింగ్ యావరేజ్ గీస్తాం, సీజనల్ ఇండెక్స్ కడతాం, గ్రాఫ్ పెట్టి వైవాకి వెళ్తాం. ఫార్ములాలో తప్పుండదు. నా అభ్యంతరం అంతకు ముందు మెట్టు మీద. బిల్లు బుక్కులో ఉన్న అంకెని అలాగే నమ్మి లెక్క మొదలుపెడితే, ఆ లెక్క షాపు ఓనర్‌ని ముంచే అవకాశం ఉంది.

ఖానాపురం హవేలిలో ఒక ఫ్యాన్లు, కూలర్ల షాపు ఉందనుకుందాం. ఈ వ్యాసంలో అమ్మకాల అంకెలన్నీ లెక్క తేలిగ్గా ఉండటానికి నేను వేసుకున్నవే. కూలర్ల వరకే చూద్దాం. ఫ్యాన్లు ఏడాది పొడుగునా ఎంతో కొంత పోతాయి, కూలర్ కథ అలా కాదు. జనవరిలో 8, ఫిబ్రవరిలో 24, మార్చిలో 80, ఏప్రిల్‌లో 128, మేలో 152, జూన్‌లో 48 పోయాయి. జులైలో 12. అక్కడి నుంచి డిసెంబర్ దాకా ఐదు నెలలూ కలిపి 28. మొత్తం 480, అంటే నెలకి సగటున 40.

దీనికి మూడు నెలల మూవింగ్ యావరేజ్ వేసి తర్వాతి నెల అంచనా కడితే ఏమవుతుందో చూడండి. మార్చి, ఏప్రిల్, మే సగటు 120 కాబట్టి జూన్‌కి 120 కూలర్లు కావాలంటుంది. కానీ మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాక కూలర్ అడిగేవాడెవడు? పోయేవి 48. మిగిలిన 72 గోడౌన్‌లో వచ్చే వేసవి దాకా కూర్చుంటాయి, వాటి మీద పెట్టిన డబ్బుకి వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అదే సగటు మార్చికి 12 చాలంటుంది, కావాల్సింది 80. చిన్న మూవింగ్ యావరేజ్ ఎప్పుడూ సీజన్ వెనకాలే పరిగెత్తుతుంది. ఎండ మొదలైనప్పుడు తక్కువ చెప్తుంది, ఎండ పోయాక ఎక్కువ చెప్తుంది.

అందుకే ఇక్కడ మూవింగ్ యావరేజ్ పని అంచనా చెప్పడం కాదు, సీజన్‌ని చెరిపేయడం. పన్నెండు నెలల సగటు తీస్తే అందులో ప్రతి నెలా ఒక్కసారే వస్తుంది కాబట్టి, వేసవీ చలికాలమూ ఒకదాన్నొకటి సర్దేసుకుని షాపు అసలు స్థాయి మిగులుతుంది. పన్నెండు సరి సంఖ్య కావడంతో ఆ సగటు ఏ నెల మీదా కూర్చోదు, రెండు నెలల మధ్యలో పడుతుంది. దాన్ని మధ్య నెల మీదకి తేవడానికి పదమూడు నెలలు తీసుకుని, రెండు చివర్ల నెలలకీ సగం బరువే ఇస్తాం. అమ్మకాలు B2 నుంచి కిందకి ఉంటే, B8లో ఉన్న నెలకి ఫార్ములా ఇది:

```
=(B2+2*SUM(B3:B13)+B14)/24
```

ఆ నెల అమ్మకాన్ని ఈ సగటుతో భాగిస్తే నిష్పత్తి వస్తుంది. మన ఏప్రిల్‌కి 128ని 40తో భాగిస్తే 3.2. అంటే ఏప్రిల్ మామూలు నెలకి మూడు రెట్ల పైమాటే. ఇలా కొన్నేళ్ల ఏప్రిల్ నిష్పత్తులన్నీ పోగేసి ఒక్క అంకెకి తెస్తే అదే ఏప్రిల్ సీజనల్ ఇండెక్స్. పన్నెండు ఇండెక్స్‌లూ కూడితే 12 రావాలి, రాకపోతే అన్నిటినీ ఒకే పాళ్లలో సర్దాలి. వచ్చే ఏడాది నెలసరి స్థాయి ఎంతుంటుందో అంచనా వేసుకుని దాన్ని ఇండెక్స్‌తో హెచ్చిస్తే ఫోర్‌కాస్ట్.

ఇక్కడిదాకా పుస్తకంలో ఉన్నదే. చిక్కు ఆ "ఒక్క అంకెకి తేవడం" దగ్గర వస్తుంది. 2019 నుంచి 2024 దాకా ఏప్రిల్ నిష్పత్తులు వరసగా 3.2, 0, 3.0, 3.3, 2.6, 3.3 అనుకోండి. ఆ సున్నా 2020ది. మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు, ఏప్రిల్ అంతా షాపు షట్టర్ లేవలేదు. 2.6 అకాల వర్షాలు పడ్డ 2023ది. ఆరింటి సగటు దాదాపు 2.57, మీడియన్ 3.1. నెలసరి స్థాయి 40 అయితే మొదటిది 103 కూలర్లు తెమ్మంటుంది, రెండోది 124. ఎప్పుడో మూతపడిన షట్టర్ కోసం ఇవాళ 21 మంది కస్టమర్లని పక్క షాపుకి పంపిస్తున్నామన్నమాట.

ఆ సున్నా చేసే నష్టం ఏప్రిల్‌తో ఆగదు. దాన్ని అలాగే ఉంచితే దాని చుట్టూ ఉన్న ఏడాది సగటులన్నీ కిందకి జారతాయి. 2020 ఏప్రిల్ సున్నా, మే 76 అయితే ఫిబ్రవరి దగ్గర సగటు 40 నుంచి 23కి పడుతుంది. ఫిబ్రవరిలో పోయినవి ఎప్పట్లాగే 24, కానీ నిష్పత్తి 0.6 బదులు 1.04 అవుతుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఎండలు మండిపోయినట్టు షీట్ చెప్తుంది! మీడియన్ ఇలాంటి వాటిని చాలావరకు పక్కకి నెడుతుంది. ఇంకా మంచి పద్ధతి, అసలు రికార్డు ముట్టుకోకుండా పక్క కాలమ్‌లో ఆ నెలని 2019 ఏప్రిల్ అంకెతో నింపి, తర్వాతే మూవింగ్ యావరేజ్ తీయడం. 2020 జనవరి, ఫిబ్రవరి అమ్మకాలు అంతకు ముందేటికంటే పెరిగి ఉంటే ఆ పాళ్లలోనే ఈ అంకెనీ పెంచుకోవచ్చు. 2021 మే 12న తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్ వచ్చింది కాబట్టి మే నెలకి పాడైన ఏళ్లు రెండు.

లాక్‌డౌన్ అందరికీ గుర్తుంది, పట్టేస్తాం. పట్టలేనిది ఇంకోటి ఉంది. మే 20కే స్టాక్ అయిపోయి, షాపు తెరిచే ఉన్నా కూలర్ లేని మే నెల. బుక్కులో 100 అని ఉంటుంది. చూడ్డానికి అది మామూలు అంకే. కానీ రోజుకి ఐదు చొప్పున ఇరవై రోజులకి పోయిన వంద అది. సరుకు ఉంటే 31 రోజులకి 155 దాకా పోయేవి. పైగా చివరి వారంలో రోళ్లు పగిలే రోహిణి కార్తె. ఆ 100ని నమ్మి ఇండెక్స్ కడితే వచ్చే మేకి తక్కువ తెప్పిస్తాం. తక్కువ తెస్తే తక్కువే పోతాయి. అప్పుడు ఫోర్‌కాస్ట్, అమ్మకం అచ్చం సరిపోయి ఎర్రర్ సున్నా కనిపిస్తుంది. మనం రిపోర్టులో గొప్పగా రాసుకునే ఆ సున్నాయే అసలు జబ్బు. పక్కన పెట్టుకోవాల్సింది మొదట దాన్నే.

దీన్ని పట్టుకునే గుర్తు బిల్లుల తేదీల్లో ఉంటుంది. నెల మొత్తం చూడకుండా ఆ నెలలో చివరి కూలర్ బిల్లు ఏ రోజుదో చూడాలి. మే 20 తర్వాత కూలర్ బిల్లు ఒక్కటీ లేకుండా, గడ్డి ప్యాడ్లు, పంపు మోటార్ల బిల్లులు మాత్రం ఆగకుండా ఉంటే ఎండ తగ్గలేదు, సరుకే అయిపోయిందని అర్థం. కౌంటర్ దగ్గర "లేదన్నా, అయిపోయింది" అని ఎంతమందిని పంపారో ఏ బుక్కులోనూ ఉండదు, ఓనర్‌ని అడిగి రాసుకోవాల్సిందే.

ఇంత చేసినా రాబోయే ఏప్రిల్లో అకాల వర్షం పడుతుందో లేదో ఇండెక్స్‌కి తెలియదు. అందుకే 124 వచ్చింది కదా అని అన్నీ ఒకేసారి దించుకోవడం కాకుండా, కొంత ముందు తెచ్చి మిగతాది మార్చి అమ్మకం చూసి ఆర్డర్ పెట్టడం మేలు. ఇక మన ప్రాజెక్టుల విషయంలో నేను కోరేది చిన్నది. అమ్మకాల కాలమ్ పక్కన ఇంకో రెండు కాలమ్‌లు పెట్టండి. ఒకటి షాపు మూసిన రోజులకి, ఇంకోటి స్టాక్ లేని రోజులకి. ఆ రెండూ నిండేదాకా ఫార్ములా జోలికి పోవద్దు. వైవాలో ఎవరైనా ఇండెక్స్ విలువ అడిగితే చెప్పండి, కానీ ఆ రెండు కాలమ్‌లూ చూపించి చెప్పండి.