సెప్టెంబర్‌లో పుడితే సీటు, ఆగస్టులో పుడితే నిరాశ? స్పోర్ట్స్ సెలెక్షన్స్‌లో పుట్టిన నెల చేసే తేడా ఇదీ

మీ పాపనో, బాబునో స్పోర్ట్స్ స్కూల్ సెలెక్షన్స్‌కు తీసుకెళ్లారనుకోండి. హైదరాబాద్ శివారు హకీంపేట స్కూల్లోనైనా, కడప స్కూల్లోనైనా ప్రవేశాలు నాలుగో తరగతిలోనే మొదలవుతాయి. గ్రౌండ్‌లో పిల్లల్ని పరిగెత్తిస్తారు, దూకిస్తారు, మెడిసిన్ బాల్ విసిరిస్తారు. వచ్చిన మార్కుల్ని బట్టి జాబితా తయారవుతుంది. స్టాప్‌వాచ్‌కీ, కొలత టేపుకీ పక్షపాతం ఉండదు కదా అనిపిస్తుంది. కానీ ఇలాంటి ఏ ఎంపికలోనైనా టేపు కంటే ముందే పనిచేసే అంశం ఒకటుంది. అదే పుట్టిన నెల.

ఒకే ఏడాది, కానీ ఒకే వయసు కాదు

పిల్లల్ని వయసు వారీగా విడదీయాలంటే ఏదో ఒక కటాఫ్ తేదీ పెట్టుకోక తప్పదు. క్రికెట్‌లో బీసీసీఐ సెప్టెంబర్ 1ని తీసుకుంటుంది. అదే తేదీతో చూద్దాం. ఆ పరిధిలో సెప్టెంబర్ మొదటి వారంలో పుట్టిన పిల్లాడు ఒకడు, మరుసటి ఆగస్టు చివరి వారంలో పుట్టిన పిల్లాడు ఒకడు. కాగితం మీద ఇద్దరిదీ ఒకే బ్యాచ్. నిజానికి ఇద్దరి మధ్య దాదాపు పన్నెండు నెలల తేడా ఉంది. చిన్నవాడికి ఎనిమిదేళ్లు నిండేసరికి పెద్దవాడికి తొమ్మిదేళ్లు వస్తుంటాయి. ముప్ఫై ఏళ్ల వయసులో ఏడాది తేడా లెక్కలోకి రాదు. ఎనిమిదేళ్ల వయసులో అది జీవితంలో ఎనిమిదో వంతు. ఎత్తు, కాలి బలం, చెప్పింది విని అర్థం చేసుకునే తీరు అన్నిట్లోనూ అది కనిపిస్తుంది.

దీన్ని ‘రిలేటివ్ ఏజ్ ఎఫెక్ట్’ అంటారు. కెనడాలో మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు 1985లో జూనియర్ ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన తేదీలను పరిశీలించి దీన్ని చూపించారు. అక్కడ కటాఫ్ జనవరి 1. జట్లలో జనవరి నుంచి మార్చి మధ్య పుట్టినవారే ఎక్కువగా ఉన్నారు. చివరి మూడు నెలల్లో పుట్టినవారు బాగా తక్కువ.

ఆ తేడా ఒక్కరోజు ఎంపికతో ఆగదు. ఎంపికైన పిల్లాడికి మంచి కోచ్, మంచి తిండి, రోజూ ప్రాక్టీస్ దొరుకుతాయి. ఎంపిక కానివాడు ఇంటికి వెళ్లిపోతాడు. నాలుగేళ్ల తర్వాత ఇద్దరినీ పోల్చితే మొదటివాడు నిజంగానే మెరుగ్గా ఆడతాడు. అది చూసి, ఆ రోజు సరిగ్గానే ఎంపిక చేశామని అందరూ అనుకుంటారు.

కటాఫ్ తేదీ మార్చితే సరిపోదా?

బెల్జియం ఫుట్‌బాల్ 1997లో కటాఫ్‌ను ఆగస్టు 1 నుంచి జనవరి 1కి మార్చింది. అంతకుముందు ఆగస్టు, ఆ తర్వాతి నెలల్లో పుట్టిన పిల్లలు ఎక్కువగా ఎంపికయ్యేవారు. మార్చిన ఏడాదిలోనే ఆ మొగ్గు జనవరి, ఆ తర్వాతి నెలల వైపు జరిగింది. దీన్నిబట్టి రెండు విషయాలు తేలాయి. ఫలానా నెలలో పుట్టినవారికి పుట్టుకతో వచ్చే ప్రతిభ ఏమీ లేదు, తేడా అంతా కటాఫ్‌దే. రెండోది, తేదీ మార్చితే పక్షపాతం పోదు. నష్టపోయే పిల్లలు మారతారు, అంతే.

మరి ఎలా సరిచేయాలి?

కొలిచే పరీక్షల్లో దారి తేలికే. ఒక ఊహా ఉదాహరణ చూడండి. స్టాండింగ్ బ్రాడ్ జంప్‌లో సెప్టెంబర్‌లో పుట్టిన పిల్లాడు 150 సెంటీమీటర్లు దూకాడు. ఆగస్టులో పుట్టినవాడు 143 దూకాడు. ఇద్దరికీ ఒకే మార్కుల పట్టిక వాడితే మొదటివాడిదే పైచేయి. ఇప్పుడు పరీక్షకు వచ్చిన పిల్లలందరి ఫలితాలను పుట్టిన నెలల వారీగా సగటు తీద్దాం. నెల పెరిగే కొద్దీ సగటున ఒక సెంటీమీటర్ పెరుగుతోందని తేలిందనుకోండి. రెండోవాడు పదకొండు నెలలు చిన్న. అతనికి 11 సెంటీమీటర్లు కలిపితే 154 అవుతుంది. అంటే తన వయసుకు తగ్గట్టు చూస్తే మెరుగ్గా దూకింది రెండోవాడే.

ఇక్కడ ఒక పొరపాటు సులువుగా జరుగుతుంది. ఈ సగటును ఎంపికైన పిల్లల ఫలితాలతో లెక్కించకూడదు. వడపోతలో నిలిచిన చిన్న పిల్లలు అప్పటికే అసాధారణంగా బలమైనవారై ఉంటారు. వాళ్లతో లెక్కిస్తే నెలకూ నెలకూ తేడాయే కనిపించదు, ‘మా దగ్గర సమస్య లేదు’ అనిపిస్తుంది. పరీక్షకు వచ్చిన అందరి ఫలితాలూ కావాలి. అబ్బాయిలకు, అమ్మాయిలకు, ఒక్కో పరీక్షకు లెక్క విడివిడిగా వేయాలి.

ఫుట్‌బాల్, కబడ్డీ లాంటి ఆటల్లో కోచ్ కంటితో చూసి ఎంచుకుంటారు. అక్కడ ఈ లెక్క పనిచేయదు. నెదర్లాండ్స్‌లో ఫుట్‌బాల్ స్కౌట్లపై చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. ఒక బృందానికి పిల్లల వయసు గురించి ఏమీ చెప్పలేదు. మరో బృందానికి పుట్టిన తేదీల జాబితా ఇచ్చారు. మూడో బృందం చూసిన ఆటలో జెర్సీ నంబర్లను వయసు వరుసలో వేశారు, ఆ సంగతి ముందే చెప్పారు. తేదీల కాగితం చేతిలో ఉన్నా రెండో బృందంలో పక్షపాతం పోలేదు. ఆట చూస్తూ కాగితంలో తేదీ వెతికి పోల్చడం కష్టం మరి. జెర్సీ నంబరే వయసు చెప్పినప్పుడు మాత్రం ఆ మొగ్గు పోయింది. దీనికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా.

ఎక్కడ పనిచేయదు?

పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల వయసులో నెలల లెక్క ఒక్కటే చాలదు. ఒకే రోజు పుట్టిన ఇద్దరిలో ఒకరికి మీసాలు వస్తుంటే, మరొకరు ఇంకా చిన్న పిల్లాడిలాగే ఉండొచ్చు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ అకాడమీలు కొన్ని పోటీల్లో పిల్లల్ని పుట్టిన తేదీతో కాకుండా, పెద్దయ్యాక చేరబోయే ఎత్తులో ఇప్పటికి ఎంత శాతం వచ్చిందన్న లెక్కతో విడదీశాయి. దీన్ని బయో బ్యాండింగ్ అంటారు.

మన దగ్గర అంతకంటే పెద్ద చిక్కు తేదీలతోనే. బడిలో చేర్చేటప్పుడు జూన్‌లో ఏదో ఒక తేదీ రాయించిన ఇళ్లు ఎన్నో. వయసు తగ్గించి రాయించుకునేవారూ ఉన్నారు. అబ్బాయిల అండర్-16కు బీసీసీఐ ఎముకల వయసు పరీక్ష చేయిస్తున్నది అందుకే. తేదీ అబద్ధమైతే నెలల సవరణ మోసానికి బహుమతి ఇచ్చినట్లే అవుతుంది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి ప్రవేశం సహా పుట్టిన తేదీ నిరూపణకు జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. ఆ పిల్లలు నాలుగో తరగతికి వచ్చేసరికి ఈ చిక్కు కొంత తగ్గుతుంది.

మీరు ఏం అడగొచ్చు?

ప్రభుత్వ స్పోర్ట్స్ స్కూల్ అయితే సమాచార హక్కు చట్టం కింద రెండే అంకెల వరుసలు అడగండి. పరీక్షకు వచ్చినవారు ఏ నెలలో ఎందరు పుట్టారు? ఎంపికైనవారు ఏ నెలలో ఎందరు? పేర్లు అక్కర్లేదు. పరిధిలోని తొలి మూడు నెలల పిల్లలు దరఖాస్తుల్లో పాతిక శాతం, ఎంపికల్లో నలభై శాతం ఉంటే అనుమానించాల్సిందే. ఒక్క ఏడాదిలో సీట్లు తక్కువ కాబట్టి యాదృచ్ఛికంగానూ అలా రావొచ్చు. అందుకే అయిదారేళ్ల అంకెలు కలిపి చూడాలి. దరఖాస్తుల్లోనే చివరి నెలల పిల్లలు తక్కువగా ఉంటే, వడపోత గ్రౌండ్‌కు రాకముందే, ఇంట్లోనో బడిలోనో మొదలైందని అర్థం.

ఇక మీ పిల్లాడు ఈసారి జాబితాలో లేకపోతే, ముందు అతని పుట్టిన నెల, ఆ సెలెక్షన్ కటాఫ్ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తర్వాతే అతనికి ఆట రాదో, వయసు చాలలేదో మాట్లాడుకోవచ్చు.