యంత్రం ఎవరిది?

బాలానగర్‌లోని ఒక చిన్న లేత్ వర్క్‌షాపు యజమాని 10 లక్షల రూపాయల యంత్రం తెచ్చుకోదలిచాడనుకుందాం. 2 లక్షలు తానే పెట్టుకుని, మిగిలిన 8 లక్షలకు ఫైనాన్స్ కంపెనీతో హైర్ పర్చేజ్ ఒప్పందం చేసుకున్నాడు. నెలకు 24,000 చొప్పున 48 వాయిదాలు. వడ్డీ 11 శాతమేనని కంపెనీ చెబుతుంది. కాని అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం 8 లక్షల మీదనే లెక్కించారు కనుక నిజమైన వడ్డీ 19 శాతం దాటుతుంది.

హైర్ పర్చేజ్‌లో ఆఖరి వాయిదాతో యంత్రం అతని సొంతమవుతుంది. ఆదాయపు పన్ను లెక్కల్లో తరుగుదల మినహాయింపు మొదటి నుంచీ అతనిదే. ఫైనాన్స్ లీజులో యాజమాన్యం ఎన్నటికీ కంపెనీదే. తరుగుదల కూడా దానిదే. వర్క్‌షాపు వారికి మిగిలేది కట్టిన అద్దెను ఖర్చుగా చూపుకునే వీలు మాత్రమే. లాభం అంతగా లేని తొలి సంవత్సరాలలో తరుగుదల చిన్న వ్యాపారికి వెంటనే అక్కరకు రాదు. ఆ మాటకు మురిసి ఒప్పందం ఎంచుకోవడం తొందరపాటే.

అసలు చిక్కు వాయిదా తప్పినప్పుడే తెలుస్తుంది. 36 వాయిదాలు కట్టి అతను ఆగిపోయాడనుకుందాం. మొత్తం 13.52 లక్షలలో 10.64 లక్షలు, అంటే ముప్పాతిక భాగానికి మించి, చెల్లించాడు. పార్లమెంటు 1972లో చేసిన హైర్ పర్చేజ్ చట్టం ప్రకారం ఇలాంటి యంత్రాలపై ముప్పాతిక చెల్లింపు జరిగాక, కోర్టు ద్వారా తప్ప యంత్రాన్ని వెనక్కు తీసుకోరాదు. దురదృష్టం, ఆ చట్టం ఏనాడూ అమలులోకి రాలేదు. 2005లో దానిని రద్దు చేశారు. మిగిలింది 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సంతకం చేసిన కాగితం.

ఒప్పందంలో ఆ షరతు ఉంటే కంపెనీ సొత్తును స్వాధీనం చేసుకోవచ్చునని సుప్రీంకోర్టు 2006లో అంగీకరించింది. అయితే వసూలుకు కండబలాన్ని వాడరాదని 2007లో హెచ్చరించింది. తాళం వేసిన షెడ్డులోని యంత్రం కోసం కంపెనీ మధ్యవర్తిత్వ చట్టం కింద కోర్టుకు వెళ్లి రిసీవర్‌ను కోరవలసిందే. నోటీసు గడువు, ఆఖరి అవకాశం, అమ్మకపు పద్ధతి ఒప్పందంలో ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం.

వేలంలో యంత్రం 4 లక్షలు పలికితే, మిగిలిన 2.88 లక్షల బాకీ పోగా వచ్చేది ఎవరికి? ఒప్పందం మౌనంగా ఉంటే కంపెనీ తనదేనంటుంది. లీజులోనైతే ఈ వాదానికి ఆస్కారమే తక్కువ; పైగా మిగిలిన అద్దెలన్నీ ఒక్కసారి చెల్లించమని అడుగుతారు. జరిగిన నష్టానికి తగిన పరిహారం మాత్రమే రాబట్టుకోవచ్చునని కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతున్నా, దానిని నిరూపించుకునే భారం మాత్రం చిన్న యజమానిపైనే పడుతోంది. సంతకానికి ముందే మిగులు సొమ్ము తనకు తిరిగి చెందాలనే షరతును రాయించుకోవడం, ఇప్పటి చట్టాలలో, అతనికి ఉన్న గట్టి రక్షణ.