పాత మంచానికి పండగ వెల

వినగడప సెంటర్లో మైకు కట్టుకున్న ఆటో ఒకటి తిరుగుతోంది. పాత మంచం ఏదైనా సరే, తెచ్చిస్తే కొత్త డబుల్ కాట్ మీద అయిదు వేలు తగ్గిస్తారట. అది అటు వెళ్లిందో లేదో వరసకు బావ అయ్యే పెద్దమనిషి ఒకాయన తీర్పు చెప్పేశాడు: "ఆఫర్ లేనప్పుడు ఫర్నిచర్ కొనేవాడంత వెర్రివాడు ఇంకోడుండడు." ఇప్పుడు ఊరందరిదీ ఇదే వేదాంతం. దసరా పోతే దీపావళి, అది పోతే సంక్రాంతి, ఆ తర్వాత ఉగాది. అసలు ఆఫర్ లేని నెల ఏదో ఆ బావగారే చెప్పాలి.

ముందు ఆ అయిదు వేల సంగతి చూద్దాం. పాతది ఇవ్వకుండా అయితే ఈ మంచం ఎంతకిస్తారు అని కొట్లో అడిగినవాణ్ని నేను చూడలేదు. జీఎస్టీ 27వ నిబంధన కింద ఒక ఉదాహరణ ఉంది. పాత ఫోను తీసుకుని కొత్తది 20,000కి ఇచ్చారు. పాతది లేకపోతే దాని ధర 24,000. పన్ను లెక్కకు ఆ ఫోను విలువ 24,000 అంటుంది చట్టం. అంటే పాత ఫోను 4,000 చేసిందన్నమాట. మంచానికీ ఇదే లెక్క. చీటీ మీద 30,000 ఉంది, మన పాతది ఇస్తే 25,000 అన్నారు. పాతది లేకుండా గట్టిగా బేరమాడితే 27,000కి దిగారు. అప్పుడు మీ మంచానికి వాళ్లు కట్టిన వెల రెండు వేలే. మిగతా మూడు వేలు ఎలాగూ తగ్గించేవే.

ఇక ఆ రెండు వేలకు మనం ఇచ్చేదేమిటి? తాతల నాటి టేకు మంచం! ట్రాక్టర్ ఎక్కించే ముందు ఒక్కసారి టేపు పట్టండి. పక్క పట్టె పొడవు 78 అంగుళాలు, వెడల్పు 5, మందం ఒకటిన్నర ఉంటే గుణించండి, 585 వస్తుంది. అలాంటివి రెండు. కోళ్లు, అడ్డ పట్టెలు, తలవైపు చెక్క, పరుపు కింది పలకలు కూడా ఇలాగే కొలిచి, అంతా కూడి 1,728తో భాగిస్తే ఘనపుటడుగులు తేలతాయి. మామూలు డబుల్ మంచంలో మూడున్నర అడుగుల దాకా ఉంటుంది. పాత టేకని చిన్నచూపు చూసి అడుగు రెండు వేలకే లెక్కేసినా ఏడు వేలు. ఎండి గట్టిపడి, ఇక వంగే పని లేని చెక్క అది. దాన్ని రెండు వేలకు వదిలేసి మీసం మెలేస్తున్నాం.

ఇంటికి తెచ్చుకునేది ఎక్కువసార్లు పార్టికల్ బోర్డు. రంపపు పొట్టునీ చెక్క ముక్కల్నీ జిగురుతో అదిమి, పైన టేకు గీతల కాగితం అంటిస్తారు. ఫ్యాను కింద, పొడి గచ్చు మీద ఉంటే కొన్నాళ్లు బాగానే ఉంటుంది. మన ఇళ్లలో బకెట్టు నీళ్లు కుమ్మరించి గచ్చు కడుగుతారు. అడుగు అంచు నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బితే ఎండబెట్టినా తగ్గదు. స్క్రూ ఊడిన చోట మళ్లీ బిగిస్తే పొడి రాలుతుంది తప్ప పట్టదు. కొట్లోనే సొరుగు బయటికి లాగి, కాగితం అంటించని వెనక అంచు చూస్తే గుట్టు తెలిసిపోతుంది. కానీ పండగ రద్దీలో సొరుగు లాగితే సేల్స్‌మన్ మనల్ని దొంగను చూసినట్టు చూస్తాడు.

పెళ్లి సారె దగ్గర ఈ పిచ్చి ఇంకా ముదిరింది. మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ కలిపి ఒకటే రేటు. అద్దం తళతళలాడితే చాలు, అడుగున ఏముందో అడిగే నాథుడు లేడు. అడిగితే వియ్యంకుడికి కోపం. 

అసలు చెక్కే ఇస్తున్నాం అనే కొట్లూ ఉన్నాయి. అక్కడా దసరా మంచిరోజేం కాదు. వానలకు గాలి చెమ్మగా ఉంటుంది, గిరాకీకి అందించాలన్న తొందరలో ఆరని చెక్కే బల్లెక్కుతుంది. పాలిష్ మీద ఏమీ కనపడదు. ఏప్రిల్, మే ఎండలకు ఆ చెక్క కుంచించుకుపోయి అతుకులు విడుస్తాయి, పలకలు బీటలిస్తాయి. ఆపాటికి ఆఫరూ లేదు, అడగడానికి ఆ సేల్స్‌మనూ ఉండడు. మంచాన్ని తిరగేసి పాలిష్ లేని అడుగువైపు చూడండి. బంగారు గోధుమరంగు చేవ పక్కన తెల్లటి పట్టీలు ఎక్కువుంటే పురుగు ముందు అక్కడే చేరుతుంది. బిల్లు మీద చెక్క పేరు రాయమనండి. రాయనంటే బయటికి రండి.

మరి ఎప్పుడు కొనాలంటారా? ఎండాకాలంలో అడితిలో కోసి ఆరిన చెక్క చూసుకుని, పెళ్లిళ్లు లేక మేస్త్రికి తీరికుండే ఆషాఢంలో పని అప్పజెప్పండి. మేస్త్రి ఆలస్యం చేస్తాడంటారు. చేస్తాడు. అడ్వాన్సు తక్కువిచ్చి, కోత దగ్గర మీరే నిలబడండి.