ఖాలా కట్టిన 160 రూపాయలు

మా పక్కింటి ఖాలా మొన్న మనవడి బడిలో 160 రూపాయలు జుల్మానా కట్టొచ్చింది. తప్పు ఆమెది కాదు, బడి పంపిన తెలుగు నోటీసుది. ఆ కాగితం చూశాను. "తల్లిదండ్రులు తమ వార్డుల ప్రథమ విడత రుసుమును జూన్ 10వ తేదీ లోపు చెల్లించవలెను. విఫలమైన యెడల ఆలస్య రుసుము విధించబడును" అని ఉంది.

ఖాలాకు తెలుగు చదవడం వచ్చు. లేకిన్ ఆమెకు తెలిసిన వార్డు ఆసుపత్రిలో ఉంటుంది, లేదంటే మునిసిపాలిటీలో. ఇంగ్లీషులో ఆ మాటకు మన చేతికింద పెరిగే పిల్లలని అర్థం. రాసినాయన లిపి మార్చి ఊరుకున్నాడు. అది పోనీ. ఇంగ్లీషు కాగితంలో 11వ తారీఖు నుంచి రోజుకు 20 రూపాయలని సాఫ్‌గా ఉంది. తెలుగులో ఆ అంకె మాయం. కటువుగా ఉంటుందని తీసేశారట! ఖాలా 18న వెళ్లింది. 8 రోజులకు 160.

ఇదేం మర్యాద? చెప్పకుండా వసూలు చేయడం కన్నా కటువు ఏముంది? అంకె తీసేస్తే ఆప్యాయత రాదు.

"లోపు" కూడా దగా చేసే మాటే. 10న కట్టొచ్చా, 9తోనే గడువు అయిపోయిందా? నేనైతే ఇలా రాస్తాను: "మీ పిల్లల మొదటి విడత ఫీజు జూన్ 10 సాయంత్రం వరకు కట్టవచ్చు. 11 నుంచి రోజుకు 20 రూపాయల జుల్మానా పడుతుంది. రసీదు అడిగి తీసుకోండి." కష్టమైతే ఆఫీసుకు వచ్చి చెప్పండనే మాట ఇంగ్లీషులో ఉంటేనే చేర్చాలి. బడి ఇవ్వని వాయిదాను మన నోటితో ఇస్తే అది ఇంకో మోసం.

సెలవుల దగ్గరా ఇదే వరస. "రంజాన్ సెలవు చంద్ర దర్శనమునకు లోబడి ఉండును" అట. చాంద్ కోసం మేడెక్కి చూసే ఇళ్లకు రాసే మాటేనా ఇది? "నెలవంక కనిపించడాన్ని బట్టి పండుగ సెలవు ఒక రోజు మారవచ్చు. మారితే ముందురోజు రాత్రి ఫోనుకు మెసేజ్ పంపుతాం" అంటే సరిపోదా? ఆ మెసేజ్ సంగతి కూడా బడి ఒప్పుకుంటేనే రాయాలి.

గ్రాంథికం రాస్తే హుందాగా ఉంటుందని వాళ్ల జవాబు. తారీఖు, రసీదు, హాజరు, బాకీ, జుల్మానా మన నాన్నల కాలం నుంచీ తెలుగు ఇళ్లలో ఉన్న మాటలే. వాటిని తోసేసి "విధించబడును" తెచ్చుకోవడం హుందాతనమా? నియమం గట్టిగానే ఉండనీయండి. అర్థమైతేనే కదా పాటించేది!

అచ్చుకు పంపేముందు ఆ కాగితం ఒక ఖాలా చేతికివ్వండి. ఎంత కట్టాలి, ఎప్పటివరకు, ఆలస్యమైతే ఏమవుతుంది అని అడగండి. మూడింటిలో ఒక్కదానికి తడబడినా తిరిగి రాయాల్సింది ఆమె కాదు, మీరు.