నిద్రలోనూ తినే బోర్డు

మన సాఫ్టువేర్ వాళ్ళకి ఒక జబ్బుంది. ఏది నెమ్మదించినా, ఏది ఎక్కువ తింటున్నా ముందు కోడులోనే వెతుకుతాం. మనకి వచ్చిన విద్య అదే కాబట్టి తప్పు పట్టలేం గానీ, బ్యాటరీతో నడిచే చిన్న చిన్న బోర్డుల దగ్గర ఈ అలవాటు నిలువునా ముంచుతుంది.

ఉదాహరణకి మా మిత్రుడొకాయన. వారమంతా జావా, శని ఆదివారాలు సోల్డరింగు. తెలిసినవాళ్ళ మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత చూసి రేడియోలో పంపే పెట్టెలు ఇరవై చేసిచ్చాడు. పెట్టెకి మూడు ఏఏ ఆల్కలైన్ సెల్స్. కాగితం మీద లెక్కేస్తే పదహారేళ్ళ పైన వచ్చిందట. "అంత చెప్తే నవ్వుతారని, భద్రంగా రెండేళ్ళని చెప్పానండీ" అన్నాడు. యాభై రోజులు తిరక్కుండానే పెట్టెలు ఒక్కొక్కటిగా చల్లబడ్డాయి. గోతాల మీదకెక్కి అరవై సెల్స్ మార్చిన కుర్రాడి తిట్లు అదనం.

చిత్రమేమిటంటే, ఆయన వేసిన లెక్కలో తప్పు లేదు. ఓసారి చూడండి.

లోపల ఉన్నది 3.3 వోల్టుల ఆర్డ్వీనో ప్రో మినీ, అంటే ఏటీమెగా 328పి చిప్. దానికి ఒక డీఎస్18బీ20 సెన్సరు, ఒక ఎన్ఆర్ఎఫ్24 రేడియో. పది నిమిషాలకోసారి లేస్తుంది. సెన్సరుకి కొలత తీయడానికి 750 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ముప్పావు సెకను చిప్పూ సెన్సరూ కలిపి సుమారు 5 మిల్లీఆంపియర్లు లాగుతాయి. తర్వాత రేడియోతో ఓ 50 మిల్లీసెకన్లు, 16 మిల్లీఆంపియర్లు. రెండూ గుణించి కలిపితే ఒక మేలుకొలుపు ఖర్చు 4.55 మిల్లీఆంపియర్-సెకన్లు. దీన్ని 600 సెకన్ల మీద పరిస్తే సగటున 7.6 మైక్రోఆంపియర్లు. డ్యూటీ సైకిల్ అంటే ఇంతే, లేచినప్పటి ఖర్చుని మొత్తం కాలం మీద పల్చగా పూయడం.

ఇక నిద్రలో ఖర్చు. ఐడిల్ మోడ్‌లో సీపీయూ మాత్రమే ఆగుతుంది, గడియారమూ టైమర్లూ నడుస్తూనే ఉంటాయి కాబట్టి అది కునుకే. మనకి కావలసింది పవర్-డౌన్. అందులో మళ్ళీ లేపడానికి వాచ్‌డాగ్ టైమర్ ఒక్కటీ మేలుకుని ఉంటే చిప్ 4 మైక్రోఆంపియర్ల చిల్లర తీసుకుంటుంది. రేడియో, సెన్సరు చెరొక మైక్రోఆంపియర్ లోపు. మొత్తం 6 అనుకోండి. పై 7.6తో కలిపి 13.6. సెల్ 2000 మిల్లీఆంపియర్ అవర్స్ అనుకుంటే (మూడు సెల్స్ వరసలో ఉన్నాయి కాబట్టి వోల్టేజి పెరుగుతుంది, ఇది పెరగదు) దాదాపు 1,47,000 గంటలు. పదహారేళ్ళ పైనే!

మరి యాభై రోజులేమిటి?

ఎందుకంటే ఆయన లెక్క వేసింది చిప్పుకి. బ్యాటరీ మోస్తున్నది బోర్డుని. ప్రో మినీ మీద ఎర్రగా వెలిగే పవర్ ఎల్ఈడీ ఉంటుంది కదా, దానికి సుమారు ఒకటిన్నర మిల్లీఆంపియరు, అంటే 1500 మైక్రోఆంపియర్లు. దాని పక్కనున్న వోల్టేజి రెగ్యులేటర్ ఏ పనీ లేకపోయినా తన మటుకు తాను ఓ 80 తింటుంది. ఈ రెండూ కోడుకి కనపడవు, ఏ `sleep` ఫంక్షనూ వీటిని నిద్రపుచ్చలేదు. మొత్తం 1600 మైక్రోఆంపియర్లయితే 1250 గంటలు, యాభై రెండు రోజులు. లెక్క సరిగ్గా సరిపోయింది, పాపం.

అప్పుడు మా వాడేం చేశాడు? కోడు తెరిచాడు! సెన్సరు కోసం `delay(750)` అని ఊరికే తిరుగుతున్న చోట కూడా చిప్పుని నిద్రపుచ్చితే బాగుంటుందని దాని మీద పడ్డాడు. మంచి ఆలోచనే, 5 మైక్రోఆంపియర్లు మిగులుతాయి. 1600లో ఐదు. బ్యాటరీ ఓ నాలుగైదు గంటలు ఎక్కువొస్తుంది.

ఎల్ఈడీ పీకేస్తే చాలు, 94కి దిగి రెండేళ్ళు దాటుతుంది. రెగ్యులేటర్‌ని కూడా తీసేసి 1.6 మైక్రోఆంపియర్లతో సరిపెట్టుకునే ఎంసీపీ1700 లాంటిది పెడితే 15కి దిగుతుంది. లెక్క పదిహేనేళ్ళు చూపిస్తుంది గానీ, ఆల్కలైన్ సెల్ అరలో కూర్చోబెట్టినా పదేళ్ళే కాబట్టి అక్కడితో లెక్క మానెయ్యొచ్చు.

కోడుకి విలువే లేదనడం లేదు. అదే పెట్టె పది నిమిషాలకి బదులు నిమిషానికోసారి లేవాలనుకోండి. రెగ్యులేటర్ మార్చిన బోర్డులో నిద్ర ఖర్చు 7.6 దగ్గరే ఉంటుంది, మేలుకున్న ఖర్చు మాత్రం 76 అవుతుంది. ఆయుష్షు రెండేళ్ళ ఎనిమిది నెలలు. ఇక్కడ ఆ 750 మిల్లీసెకన్లు కూడా చిప్పుని నిద్రపుచ్చితే 76 కాస్తా 26 అయి, దాదాపు ఏడేళ్ళొస్తుంది. అదే మార్పు, అక్కడ గంటలు, ఇక్కడ ఏళ్ళు. నిద్ర ఖర్చు ఒక పక్క, మేలుకున్న ఖర్చు సగటు ఒక పక్క రాసుకుని, ఏది పెద్దదైతే దాని మీద పడాలి. నాకు తెలిసి ఈ రెండు అంకెలు విడివిడిగా రాసేవాళ్ళు తక్కువ. అందరూ కలిపేసి ఒక్క సగటు చెప్తారు.

నిద్రపుచ్చేటప్పుడు కోడులో మర్చిపోయేవి రెండు మూడున్నాయి. ఏడీసీని ఆపకపోతే పవర్-డౌన్‌లో కూడా అది వందల మైక్రోఆంపియర్లు లాగుతుంది. బ్రౌన్-అవుట్ డిటెక్టర్ మరో ఇరవై.

```c
ADCSRA &= ~(1 << ADEN);
set_sleep_mode(SLEEP_MODE_PWR_DOWN);
cli();
sleep_enable();
sleep_bod_disable();
sei();
sleep_cpu();
sleep_disable();
```

`sleep_bod_disable()` తర్వాత ఆలస్యం చేయకూడదు, మూడు క్లాక్‌లు దాటితే ఆ మాట చెల్లదు. అందుకే అది చివర్లో ఉంది. వాచ్‌డాగ్ ఒక్కసారికి 8 సెకన్లే నిద్రపోనిస్తుంది కాబట్టి పది నిమిషాలకి 75 సార్లు లేచి పడుకోవాలి. ఇంకొకటి, సెన్సరు డేటా వైరుకి 4.7 కిలోఓమ్‌ల పుల్-అప్ ఉంటుంది. ఆ పిన్నుని అవుట్‌పుట్‌గా, లోలో వదిలేసి పడుకుంటే 0.7 మిల్లీఆంపియర్లు గోవిందా. ఇన్‌పుట్‌గా మార్చి పడుకోవాలి.

సరిగ్గా నిద్రపోయిందో లేదో తెలియాలంటే మీటరు పెట్టి చూడటమే. దాని మైక్రోఆంపియర్ రేంజిలో లోపల వంద ఓమ్‌ల దరిదాపు రెసిస్టర్ ఉంటుంది. రేడియో లేచి 16 మిల్లీఆంపియర్లు అడిగితే అక్కడే ఒకటిన్నర వోల్టు పోయి, బోర్డు రీసెట్ అయి కూర్చుంటుంది. మనమేమో కోడులో బగ్ అనుకుంటాం. మీటరు రెండు తీగల మధ్యా ఒక వైరు పెట్టి కలిపి ఉంచి, బోర్డు పడుకున్నాక ఆ వైరు తీసి చూడాలి. పది, పదిహేను లోపు ఉంటే హాయి. అంకె వందల్లో ఉంటే ఏడీసీ, వేలల్లో ఉంటే ఎల్ఈడీ, నా అనుభవంలో మొదట అనుమానించాల్సినవి ఇవే.

ఇవన్నీ సరిచేశాక కూడా మా వాడి పెట్టెల్లో ఒకటి ఐదు రోజులకే చచ్చింది. దాని కోడులో `while (!radio.write(...));` అని ఉంది. అవతల రిసీవర్ ప్లగ్ ఎవరో పీకేశారు. జవాబు రాదు, ఇది పడుకోదు. 17 మిల్లీఆంపియర్ల చొప్పున 2000ని తాగడానికి 117 గంటలు చాలు. డ్యూటీ సైకిల్ లెక్కంతా అది పడుకుంటుందన్న నమ్మకం మీద వేసినది. ఇప్పుడు మూడుసార్లు ప్రయత్నించి, జవాబు రాకపోతే ఆ కొలత వదిలేసి పడుకుంటోంది.