సోలార్ ప్రకటనలో ‘జీరో బిల్లు’ అంటే ఎంత? నెల్లూరు తీరంలో ఒక క్యాప్షన్ లెక్క

“మీ ఇంటిపై సోలార్ పెట్టండి. 78 వేల సబ్సిడీ గ్యారంటీ. ఇక కరెంటు బిల్లు జీరో!” కావలి నుంచి ముత్తుకూరు దాకా ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇలాంటి పోస్టర్ ఒకటి కనిపిస్తుంది. కింద ఒక ఫోన్ నంబరు, పక్కన మెరిసే నీలి ప్యానెళ్ల ఫొటో ఉంటాయి. అందులో పచ్చి అబద్ధం ఉందని చెప్పలేం, అలాగని నిజం చెప్పిందనీ అనలేం. 78 వేలు అనే అంకె నిజమే, కొందరికి బిల్లు సున్నా దగ్గరికి రావడమూ నిజమే. కానీ ఆ రెండూ మీ ఇంటికి వర్తిస్తాయా అన్నది పోస్టర్ చెప్పదు. ఆ సంగతి మీ కరెంటు బిల్లులోనే ఉంటుంది.

ప్రకటన రాసే ఇన్‌స్టాలర్‌కూ, దాన్ని నమ్మి అడ్వాన్సు ఇచ్చే ఇంటివాళ్లకూ ఈ తేడా తెలియాలి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఇద్దరూ గొడవ పడతారు.

78 వేలు ఎవరికి?

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. ఇళ్లకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేలు, మూడో కిలోవాటుకు 18 వేలు. అంటే 1 కిలోవాటుకు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు. అంతకు మించి 5 పెట్టినా 10 పెట్టినా 78 వేలే. ఇది ఇళ్లకు ఇచ్చే సబ్సిడీ. కిరాణా కొట్టు మీటరుకో, రొయ్యల చెరువు కనెక్షనుకో ఇది రాదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ప్యానెళ్ల మొత్తం సామర్థ్యం, ఇన్వర్టర్ సామర్థ్యం, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దాని మీదే సబ్సిడీ లెక్క కడతారు. “3 కిలోవాట్ల సిస్టమ్” అని చెప్పి 540 వాట్ల ప్యానెళ్లు ఐదు బిగిస్తే మొత్తం 2.7 కిలోవాట్లే. ఇన్వర్టర్ మీద 3 అని రాసి ఉన్నా సబ్సిడీ 60 వేలకు 12,600 కలిపి 72,600 దగ్గర ఆగుతుంది. కాబట్టి కొటేషన్‌లో ప్యానెల్ వాట్లు ఎన్నో, ప్యానెళ్లు ఎన్నో చూసి గుణించుకోండి. ఒక్క నిమిషం పని.

ఇంకొకటి. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లలోని సెల్ దగ్గర నుంచి మన దేశంలో తయారైనవే అయి ఉండాలి. మార్కెట్లో వీటిని డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. డీసీఆర్ కానివి చవగ్గా దొరుకుతాయి, వాటికి సబ్సిడీ రాదు. ఒకే పోస్టర్ మీద “ఇంపోర్టెడ్ ప్యానెల్స్” అనీ “సబ్సిడీ గ్యారంటీ” అనీ రెండూ ఉంటే అక్కడే ఆగి అడగాలి.

అసలు ‘గ్యారంటీ’ అనే మాట ఇన్‌స్టాలర్ వాడకూడదు, ఎందుకంటే డబ్బు ఇచ్చేది ఆయన కాదు. `pmsuryaghar.gov.in`లో దరఖాస్తు పెట్టాలి, పథకంలో నమోదైన వెండర్ చేతే బిగించాలి, మన తీరానికి డిస్కం అయిన ఏపీఎస్పీడీసీఎల్ వాళ్లు వచ్చి చూసి నెట్ మీటర్ పెట్టాలి. ఆ తర్వాతే సబ్సిడీ వినియోగదారుడి బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంతవరకూ మొత్తం ఖర్చు మీ జేబు నుంచో, బ్యాంకు లోను నుంచో పోవాల్సిందే. లోను తీసుకుంటే దాని వడ్డీ కూడా ఖర్చులో కలుపుకోవాలి.

మన ఊళ్లలో ఎక్కువగా పని ఆగేది పేరు దగ్గర. ఇంట్లో ఉండేది కొడుకు, మీటరేమో ఇంకా చనిపోయిన నాన్నగారి పేరు మీద. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు డబ్బు పంపితే ఇక్కడ అన్న దరఖాస్తు పెట్టబోతాడు. దరఖాస్తు మీటరు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల వివరాలతో నడుస్తుంది. ముందు పేరు మార్పించుకుని, తర్వాత అడ్వాన్సు ఇవ్వడం మేలు.

ఆదా: రెండు ఇళ్లు, ఒకే ప్యానెల్

అసలు చిక్కు ఆదా అంకెలో ఉంది. మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకు ఒకే రేటు లేదు. 2022-23లో వచ్చి 2025-26 దాకా సాగిన స్లాబులు ఇవీ: మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ పెట్టాక బిల్లులో ముందు తగ్గేవి పై స్లాబు యూనిట్లు, అంటే ఖరీదైనవి. చౌక యూనిట్లు చివర్లో తగ్గుతాయి. ఆదా మొత్తం దీని మీదే ఆధారపడుతుంది.

ఉదాహరణకు నెల్లూరులో ఏసీ, ఫ్రిజ్, మోటారు అన్నీ నడిచే ఒక ఇల్లు నెలకు 350 యూనిట్లు వాడుతుందనుకుందాం. స్లాబుల ప్రకారం ఎనర్జీ ఛార్జీ సుమారు 2,110 రూపాయలు. 2 కిలోవాట్లు పెడితే మన ఎండకు ఏడాది సగటున నెలకు 220 యూనిట్లు వస్తాయనుకుందాం. డిస్కం నుంచి కొనేది 130 యూనిట్లే కాబట్టి ఛార్జీ 447 రూపాయలు. ఆదా దాదాపు 1,660.

ఇప్పుడు మైపాడు వైపు ఒక చిన్న ఇల్లు తీసుకోండి. ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్ కలిపి నెలకు 150 యూనిట్లు. ఎనర్జీ ఛార్జీ మొత్తం 567 రూపాయలే. ఇక్కడ అవే 2 కిలోవాట్లు పెడితే ఆదా ఎంత లాగినా 567 దాటదు, అంతకు మించి బిల్లే లేదు కదా. ఆ ఇంటికి 1 కిలోవాటు పెట్టి నెలకు 110 యూనిట్లు వచ్చినా 480 రూపాయలు తగ్గుతాయి. రెండో కిలోవాటు తెచ్చే అదనపు ఆదా నెలకు 87 రూపాయలు! వాడగా మిగిలిన యూనిట్లు డిస్కం లెక్కలో జమ అవుతాయి గానీ, వాటికి వచ్చే ధరను మనం కట్టే పై స్లాబు రేటుతో పోల్చుకోకూడదు.

2 కిలోవాట్ల సిస్టమ్‌కు కొటేషన్ 1,30,000 అనుకుందాం. సబ్సిడీ 60 వేలు పోగా 70 వేలు మన చేతి ఖర్చు. మొదటి ఇంటికి ఆ డబ్బు మూడున్నరేళ్లలో తిరిగొస్తుంది. రెండో ఇంటికి పదేళ్లు దాటుతుంది. ప్యానెల్ అదే, ఎండ అదే, కంపెనీ అదే. “మూడేళ్లలో పెట్టుబడి వాపస్” అని పోస్టర్ వేస్తే ఒకరికి నిజం చెప్పినట్టు, ఇంకొకరిని ముంచినట్టు.

ఇక జీరో బిల్లు అనే మాట. యూనిట్లు పూర్తిగా సున్నా అయినా ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ బిల్లులో వస్తూనే ఉంటాయి. పెద్ద మొత్తం కాదు, కానీ జీరో కాదు.

తీరానికి ప్రత్యేకంగా రెండు మాటలు

మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. ముసురు పట్టిన నెలలో 2 కిలోవాట్ల నుంచి 150 యూనిట్లే వచ్చాయనుకోండి, 350 యూనిట్ల ఇంటికి ఆ నెల ఆదా 1,240 దగ్గరే ఆగుతుంది. ఎండ బాగా కాసి 240 యూనిట్లు వస్తే 1,760 అవుతుంది. అందుకే నిజాయితీగా చెప్పాలంటే ఒక్క అంకె చెప్పలేం, “ఇంత నుంచి ఇంత దాకా” అనే చెప్పాలి. సముద్రపు గాలికి ప్యానెళ్ల మీద ఉప్పు పేరుకుంటుంది, కడగకపోతే ఇంకా తగ్గుతుంది. స్టాండుకు మంచి జింకు పూత లేకపోతే నాలుగేళ్లకే తుప్పు మొదలవుతుంది.

రెండోది తుపాను. 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు ఏమైందో మనకు గుర్తుంది. “సోలార్ ఉంటే కరెంటు పోయినా భయం లేదు” అని చాలామంది అనుకుంటారు. మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోగానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారు చేస్తారు. బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటేనే చీకట్లో లైటు వెలుగుతుంది. వాటి ఖర్చు వేరు.

మరి క్యాప్షన్ ఎలా రాయాలి?

ఇన్‌స్టాలర్ సోదరులు “ఇన్ని షరతులు రాస్తే ఎవరు ఫోన్ చేస్తారు?” అంటారు. ఆ భయం అర్థమవుతుంది. కానీ ఇలా రాసి చూడండి:

“నెలకు 350 యూనిట్లు వాడే ఇంటికి 2 కిలోవాట్ల సోలార్ పెడితే ఎనర్జీ ఛార్జీలో సుమారు 1,200 నుంచి 1,750 రూపాయల దాకా తగ్గే వీలుంది. వాన నెలల్లో తక్కువ, ఎండ నెలల్లో ఎక్కువ. మీ వాడకం తక్కువైతే ఆదా కూడా తక్కువే. కేంద్ర సబ్సిడీ నిబంధనల ప్రకారం 2 కిలోవాట్లకు 60 వేల దాకా. డిస్కం తనిఖీ అయ్యాక ప్రభుత్వం మీ ఖాతాలోనే వేస్తుంది, మా చేతికి రాదు. ముందు పూర్తి ఖర్చు మీరే పెట్టుకోవాలి. ఫిక్స్‌డ్ ఛార్జీలు ఉంటాయి. కరెంటు పోతే ఈ సిస్టమ్ కూడా ఆగుతుంది. గత 12 నెలల బిల్లులు పంపండి, మీ ఇంటి లెక్క వేసి చెబుతాం.”

ఇందులో ‘గ్యారంటీ’ లేదు, అంకెలు మాత్రం ఉన్నాయి. ప్రతి అంకె పక్కనే అది ఎప్పుడు నిజమవుతుందో ఉంది. చివరి వాక్యం వల్ల ఫోన్లు తగ్గకపోగా, పని కుదిరే ఫోన్లే వస్తాయి.

ఇది మంచితనం కోసమే కాదు, చట్టం కూడా అడుగుతోంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం షరతు ఏ భాషలో ప్రకటన ఉందో ఆ భాషలోనే ఉండాలి. పైన తప్పు చెప్పి కింద షరతుతో దాన్ని సరిదిద్దడం కుదరదు. అంటే పైన తెలుగులో “జీరో బిల్లు” అని పెద్దక్షరాలతో వేసి, అడుగున చీమల్లాంటి ఇంగ్లీషులో షరతులు వర్తిస్తాయని రాస్తే చెల్లదు. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుడు ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

ఇంటివాళ్లు అడగాల్సినవి మూడే. ప్యానెళ్లు డీసీఆరేనా, వాట్లు ఎన్ని? నా బిల్లుల మీద లెక్క వేసి కాగితం మీద ఇస్తారా? సబ్సిడీ రాకపోతే లేదా ఆలస్యమైతే నేను కట్టాల్సింది ఎంత? మూడో ప్రశ్నకు “అది తప్పకుండా వస్తుంది సార్” అన్నదే జవాబైతే అడ్వాన్సు జేబులోనే ఉంచండి. అప్పటికే ఇచ్చి మోసపోయామనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. పోస్టర్ స్క్రీన్‌షాట్ మాత్రం డిలీట్ చేయకండి, రేపు అదే మీ సాక్ష్యం.