కస్టమర్ స్లయిడ్‌లో ఒక్క నంబర్ చాలు, కానీ అది ఆ మాటదే అయి ఉండాలి

ప్రొడక్ట్ డెక్‌లలో నాకు అస్సలు నమ్మబుద్ధి కాని స్లయిడ్ ఒకటుంది. ఎడమ పక్క పెద్ద ఫొటో, మధ్యలో "అద్భుతమైన ప్రొడక్ట్!" అనే కోట్, కింద వరుసగా మూడు పర్సంటేజ్‌లు. ఆ మాటకీ ఆ అంకెలకీ సంబంధమే ఉండదు. నా ఉద్దేశంలో ఇది డిజైన్ లోపం కంటే ముందు లాజిక్ లోపం.

ఒక ఉదాహరణ వేసుకుందాం. మొబైల్ రిపేర్ షాపులకు జాబ్ ట్రాకింగ్ యాప్ అమ్ముతున్నామనుకోండి. షాప్ ఓనర్ ఇలా అన్నారు: "ఫోన్ రెడీ అయిందా అని అడిగే కాల్స్ బాగా తగ్గాయి. ఇప్పుడు రిపేర్ మీదే కూర్చోగలుగుతున్నా." ఇక్కడ పెట్టాల్సిన నంబర్ డౌన్‌లోడ్‌లూ కాదు, రేటింగూ కాదు. రోజుకి వచ్చే కాల్స్, అంతే. అదీ "70% తగ్గుదల" అని కాకుండా "40 → 12" అని రాయండి. 10 కాల్స్ 3 అయినా 70 శాతమే కదా! కింద చిన్నగా "రోజుకి సగటు కాల్స్, యాప్‌కి ముందు నెల, తర్వాత నెల" అని ఉంటే చూసేవాళ్లకి లెక్క దొరుకుతుంది.

ఇక లేఅవుట్. పవర్‌పాయింట్ వైడ్‌స్క్రీన్ స్లయిడ్ వెడల్పు 13.33 అంగుళాలు. ఎడమ మూడింట రెండు వంతులు కోట్‌కి ఇవ్వండి, 32 పాయింట్లలో, మూడు లైన్లు దాటకుండా. కుడి వైపు నంబర్ 72 పాయింట్లు, దాని లేబుల్ 18. కోట్ కిందే 1.2 అంగుళాల గుండ్రటి ఫొటో, పక్కన పేరు, షాపు, ఊరు. ఫొటో ఎడమ అంచు కోట్ ఎడమ అంచుతో కలవాలి. ఫొటో పని "ఈ మాట అన్నది ఒక మనిషి" అని చెప్పడమే. పెద్దదైతే అది స్పీకర్ పరిచయంలా కనిపిస్తుంది. గుండ్రంగా కట్ చేయడానికి Crop to Shape లో Oval ఎంచుకుని, Aspect Ratio 1:1 పెట్టండి. లేకపోతే ముఖం కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది.

తెలుగులో కోట్ పెడితే ఇంకో చిక్కు. ఆఫీస్ డిఫాల్ట్ థీమ్‌లో లైన్ స్పేసింగ్ 0.9. ఇంగ్లిష్‌కి సరిపోతుంది కానీ, మన వత్తులు కింది లైన్ గుడులకి తగులుతాయి. 1.2 దాకా పెంచి చూడండి.

కోట్ పొడవైతే కత్తిరించొచ్చు, కొత్త పదం మాత్రం కలపకూడదు. కత్తిరించాక ఓనర్‌కి చూపించి ఓకే తీసుకోండి. ఫొటోకి ఒప్పుకోకపోతే ఫొటో లేకుండానే వదిలేయండి. స్టాక్ ఫొటో పెడితే కోట్ కూడా అబద్ధమేమో అనిపిస్తుంది.

చివరగా Slide Sorter లో చూడండి. అంత చిన్న సైజులో కూడా ముందు కోట్ మీదకి, వెంటనే నంబర్ మీదకి కన్ను వెళ్తే స్లయిడ్ పాస్. ఫొటోయే ముందు కనిపిస్తుంటే దాన్ని ఇంకా తగ్గించాల్సిందే.